“పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారు?”: ఇన్సులిన్ వద్దన్న ఒక రోగి కేసు

నేపథ్యం

ఈ కేసు కోస్తా ఆంధ్రలోని ఒక చిన్న పట్టణంలో, మా ఆసుపత్రిలో జరిగింది. రోగి, ఆయన భార్య, ఆయనకు వైద్యం చేసిన మా జూనియర్ డాక్టరు ముగ్గురూ దీన్ని రాయడానికి సమ్మతించారు. ఎవరినీ గుర్తు పట్టకుండా ఉండేందుకు వయసులు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించిన క్రమాన్ని మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

నేను జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి. వయసు యాభై దాటింది, జుట్టు చాలావరకు నెరిసింది, కళ్లద్దాలు ఉన్నాయి, ఓపీలో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుంటాను. ఈ వివరాలన్నీ కేసులో భాగం కాబట్టే ముందుగా చెబుతున్నాను. మా జూనియర్ డాక్టరుకు 28 ఏళ్లు. ఎండీ పూర్తి చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సన్నగా, పొట్టిగా ఉంటారు. జడ వేసుకుని, కాటన్ చుడీదార్‌లో డ్యూటీకి వస్తారు. మెడలో స్టెతస్కోపు ఉంటుంది. గుర్తింపు కార్డు ఉండేది గాని అందులో పేరు ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో ఉండేది. అది సాధారణంగా వెనక్కి తిరిగి వేలాడుతుండేది. ఎండీలో ఆమె మధుమేహ విభాగంలో చాలాకాలం పనిచేశారు. ఇన్సులిన్ మోతాదులు సరిచేయడంలో ఆమె లెక్క నా లెక్క కంటే సూక్ష్మంగా ఉంటుందని ఈ కేసుకు ముందే నాకు తెలుసు.

సమస్య

రోగి 56 ఏళ్ల కౌలు రైతు. తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్ రోజుకు 2 గ్రాములు, గ్లిమెపిరైడ్ 4 మిల్లీగ్రాములు వాడుతున్నారు. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు, రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తున్నారు. పరగడుపు షుగరు 274, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 11.6 ఉన్నాయి. కిడ్నీ పరీక్ష మామూలుగానే ఉంది, మూత్రంలో కీటోన్లు లేవు. బిళ్లలు ఇంత మోతాదులో వాడుతూ, బరువు తగ్గుతూ, షుగరు ఈ స్థాయిలో ఉన్న మనిషికి ఇంకో బిళ్ల కలపడం వల్ల ఉపయోగం ఉండదు. ఇన్సులిన్ మొదలుపెట్టవలసిందే. మా జూనియర్ డాక్టరు అదే నిర్ణయించి, రాత్రి పూట ఒక్కసారి వేసుకునే ఇన్సులిన్ 10 యూనిట్లతో మొదలుపెడదామని చెప్పారు.

ఆయన తలూపారు, చీటీ తీసుకున్నారు. బయటికి వచ్చి నర్సును అడిగారు: “ఈ పాప కాదమ్మా, పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారు?” మందుల షాపులో గ్యాస్ బిళ్లలు, విటమిన్ బిళ్లలు కొన్నారు. ఇన్సులిన్ మాత్రం కొనలేదు.

ఆ రోజు ఇంకొకటి జరిగింది. దాని బరువు మాకు తర్వాతే అర్థమైంది. కాళ్లు చూస్తానని ఆమె చెప్పులు విప్పమన్నప్పుడు ఆయన “కాళ్లకేం లేదమ్మా” అని విప్పలేదు. ఆయన అప్పటికే విసుగ్గా ఉన్నారని గమనించి ఆమె పట్టుబట్టలేదు. తొమ్మిదేళ్ల షుగరు ఉన్న మనిషి పాదాలు చూడకుండా పంపకూడదని ఆమెకు బాగా తెలుసు. రోగికి డాక్టరు మీద నమ్మకం లేకపోతే రోగి మందు మానడంతోనే అది ఆగదు. డాక్టరు కూడా తనకు తెలియకుండానే అడగవలసిన ప్రశ్న ఒకటి తగ్గించుకుంటారు, చేయవలసిన పరీక్ష ఒకటి వదిలేస్తారు. ఆయన కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, అప్పటికే కాయ కాసి ఉండాలి.

మొదటి ప్రయత్నం: మరింత వివరంగా చెప్పడం

అయిదు రోజుల తర్వాత భార్య ఆయన్ను మళ్లీ తీసుకువచ్చారు. మా జూనియర్ డాక్టరు ఈసారి 25 నిమిషాలు కేటాయించారు. క్లోమగ్రంథి బొమ్మ గీశారు, బిళ్లలు ఎందుకు పనిచేయడం లేదో చెప్పారు, ఇన్సులిన్ అలవాటైపోయే మత్తుమందు కాదని చెప్పారు. చెప్పిన ప్రతి మాటా సరైనదే. ఆయన మళ్లీ తలూపి, మళ్లీ కొనకుండా వెళ్లారు.

ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచనను తప్పు పట్టలేను, ఎందుకంటే రోగి వైద్యం వద్దన్నప్పుడు సమాచారం చాలలేదేమో అనుకోవడం మనకు నేర్పిన పద్ధతి. కాని ఆయన మనసులో ఉన్న ప్రశ్న ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందన్నది కాదు, చెబుతున్న ఈ అమ్మాయి అసలు డాక్టరేనా అన్నది. ఆ ప్రశ్నకు క్లోమగ్రంథి బొమ్మ జవాబు కాదు. తర్వాత ఎప్పుడో ఆయనే నాతో అన్నారు, “ఆ పాప పాఠం అప్పజెప్పినట్టు చెప్పిందండీ” అని. ఎంత వివరంగా చెబితే అంతగా ఆమె ఆయన కంటికి విద్యార్థినిలా కనిపించారన్న మాట.

రెండో ప్రయత్నం: తెల్లకోటు

ఆమె ఈ విషయం నాతో చెప్పినప్పుడు నేను ఇచ్చిన సలహా ఆప్రాన్ వేసుకోమని. మన దగ్గర తెల్లకోటును అందరూ ఆప్రాన్ అనే అంటారు. నా సలహాకు ఆధారం లేకపోలేదు. అమెరికాలో పది పెద్ద బోధనాసుపత్రుల్లో నాలుగు వేల మందికి పైగా రోగులకు ఫొటోలు చూపించి చేసిన సర్వే 2018లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. డాక్టరు దుస్తులు తమకు ముఖ్యమని అందులో సగానికి పైగా రోగులు చెప్పారు, మొత్తం మీద ఎక్కువ మంది ఇష్టపడింది హుందా అయిన దుస్తుల మీద తెల్లకోటునే. మన సంప్రదాయంలోనూ ఇది కొత్త మాట కాదు. వైద్యుడు గోళ్లు, జుట్టు కత్తిరించుకుని, శుభ్రంగా, తెల్లని వస్త్రం ధరించి, ఆడంబరం లేని వేషంతో, మంచి మాటలతో వృత్తిలోకి అడుగుపెట్టాలని సుశ్రుతుడు చెప్పాడు.

మూడో సందర్శనకు ఆమె మడత నలగని ఆప్రాన్‌తో, జడ ముడి వేసుకుని కూర్చున్నారు. ఆ ఓపీలో ఆమెను “సిస్టర్” అని పిలిచేవారు స్పష్టంగా తగ్గారు. మా రోగి విషయంలో మాత్రం అది పూర్తిగా ఎదురు తిరిగింది. ఆయన మాట కూడా సరిగా వినలేదు, పది నిమిషాల్లో లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత మూడు వారాలు కనిపించలేదు.

కారణం అప్పుడు మాకు తెలియలేదు. దాన్ని ఇక్కడే చెప్పడం మంచిది, ఎందుకంటే నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే తెలుసుకోదగ్గ విషయం ఇదే. నాలుగేళ్ల క్రితం ఆయన అన్నగారు ఒక పెద్ద బోధనాసుపత్రిలో ఉన్నప్పుడు ఈయన పక్కన ఉండి చూసుకున్నారు. అక్కడ రక్తం తీయడానికి, సూది గుచ్చడానికి, కట్టు విప్పడానికి వచ్చినవాళ్లంతా ఆప్రాన్ వేసుకున్న కుర్రవాళ్లు, అమ్మాయిలు. రోజుకు ఒకసారి రౌండ్స్‌కు వచ్చి నిర్ణయం చెప్పిన పెద్ద డాక్టరు మామూలు చొక్కా ప్యాంటులో ఉండేవారు. మన తెలుగు ప్రాంతాల్లో చాలాచోట్ల కనిపించే దృశ్యమే ఇది. హౌస్ సర్జన్లు, పీజీలు, ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సింగ్ విద్యార్థులు ఆప్రాన్‌లో ఉంటారు. సీనియర్లలో చాలామంది ఎప్పుడో దాన్ని వదిలేసి ఉంటారు. కాబట్టి నెరిసిన జుట్టు మీద తెల్లకోటు ఒక అర్థం ఇస్తే, 28 ఏళ్ల అమ్మాయి మీద అదే కోటు “ఇంకా నేర్చుకుంటున్నారు” అనే అర్థం ఇస్తుంది. చుడీదార్‌లో ఉన్నప్పుడు ఆయనకు ఉన్నది అనుమానం. ఆప్రాన్ చూశాక అది నిర్ధారణ అయింది.

అమెరికా సర్వే తప్పని నేను అనడం లేదు. అక్కడి రోగులు తమ ఆసుపత్రుల్లో చూసినదాన్ని బట్టి జవాబు చెప్పారు. బట్టకు దానంతట దానికి అర్థం ఉండదు, ఆ బట్టలో రోగి ఇంతకు ముందు ఎవరిని చూశారన్నదే దాని అర్థం. నేను సలహా ఇచ్చేముందు ఆయన్ను ఒక్క మాట అడిగి ఉంటే అన్నగారి సంగతి ఆ రోజే బయటపడేది. పైగా ఫొటో చూపించి ఎవరంటే నమ్మకమని అడిగినప్పుడు రోగి కోల్పోయేది ఏమీ ఉండదు. జీవితాంతం సూది వేసుకోమని చెప్పినప్పుడు ఆ డాక్టరును నమ్మడం వేరే పని.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. అదే డాక్టరు చేతి నుంచి గ్యాస్ బిళ్లలు, విటమిన్లు ఆయన ఏ ప్రశ్నా లేకుండా తీసుకున్నారు. చిన్న సలహాకు ఆమె వయసు సరిపోయింది, పెద్ద సలహాకు సరిపోలేదు. అన్నగారికి ఇన్సులిన్ మొదలుపెట్టిన నెలలోపే కాలు తీసేశారట. ఇన్సులిన్ వల్లనే కాలు పోయిందని ఆ కుటుంబం అంతా నమ్ముతోంది. కాలు పోయే స్థితి వచ్చింది కాబట్టే ఇన్సులిన్ మొదలుపెట్టి ఉంటారు, కాని వాళ్లు చూసిన వరుస అది. ఆ భయాన్ని బయటికి చెప్పడం కంటే “డాక్టరు చిన్నపిల్ల” అనడం ఆయనకు సులువైంది. రూపం గురించిన అభ్యంతరం నిజమైనదే, అయితే దాని వెనుక ఇంకో అభ్యంతరం దాక్కుని ఉంది.

మధ్యలో మూడు వారాలు

ఆ మూడు వారాలు ఆయన ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గర వైద్యం చేయించుకున్నారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పంచె, తోలు సంచి, ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి వస్తున్నారు. నీరసానికి సెలైన్ పెట్టారు, బలానికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆయన మీద రోగికి ఉన్న నమ్మకం తెల్ల బట్టల వల్ల వచ్చిందని నేను అనుకోను. అర్ధరాత్రి జ్వరం వస్తే పిలిచినప్పుడు వచ్చిన మనిషి ఆయన. ఇరవై ఏళ్ల రాకపోకలకు ఆ రూపం ఒక గుర్తుగా మిగిలింది. కాని షుగరు 300 దాటుతోందన్నది గాని, పాదం కింద కాయ పగిలిందన్నది గాని ఆయన పట్టుకోలేకపోయారు.

మూడో ప్రయత్నం: నేను చేతిలోకి తీసుకోవడం

మూడు వారాల తర్వాత జ్వరంతో వచ్చారు. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ ఎర్రగా, వేడిగా వాపు. పాదంలో నాడి బాగానే అందుతోంది. 10 గ్రాముల మోనోఫిలమెంట్ తీగ ఆనించినా రెండు పాదాల్లోనూ చాలాచోట్ల స్పర్శ లేదు. ఆయన “కాళ్లకేం లేదమ్మా” అన్నది అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే ఏమీ తెలియలేదు. శలాక పెట్టి చూస్తే ఎముక తగలలేదు, ఎక్స్‌రేలోనూ ఎముక బాగుంది. ఆసుపత్రిలో చేర్చుకున్నాం.

ఆ రోజు నేను గదిలోకి వెళ్లి, మంచం పక్కన నిలబడి, “ఇన్సులిన్ వేయాలి” అన్నాను. ఆయన వెంటనే “సరేనండీ” అన్నారు. కారణం అడగలేదు. మా జూనియర్ డాక్టరు నెల ముందు 25 నిమిషాలు చెప్పి సాధించలేనిది నాకు రెండు మాటల్లో దొరికింది. పుండులో చీము ఉంది, ఇన్ఫెక్షన్ పాకుతోంది, కాబట్టి ఆ క్షణంలో ఎవరి మాట చెల్లితే వారు చెప్పడమే సరైనదని నిర్ణయించాను. ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ తప్పనను. దాన్ని అక్కడితో ఆపకపోవడం తప్పు. రోజూ రౌండ్స్‌లో నేనే మాట్లాడాను, మోతాదు నేనే చెప్పాను, ఆమె నా వెనుక ఫైలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన నాలుగేళ్ల క్రితం చూసిన దృశ్యాన్నే మేము ఆయన ముందు మళ్లీ ప్రదర్శించాం.

ఆరు రోజుల్లో ఇన్సులిన్‌ను 10 యూనిట్ల నుంచి 24 దాకా పెంచి, గ్లిమెపిరైడ్‌ను 2 మిల్లీగ్రాములకు తగ్గించి ఇంటికి పంపాం. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది, అది తగ్గగానే అవసరమూ తగ్గుతుంది. అందుకని ఇంట్లో గ్లూకోమీటరుతో రోజూ పరగడుపు చూడమని, ఆ అంకె ఫోనులో చెప్పమని ఏర్పాటు చేశాం. తొమ్మిదో రోజు పరగడుపు 68 వచ్చింది. నేను ఊళ్లో లేను. మా జూనియర్ డాక్టరు ఆయనతో మాట్లాడి ఇన్సులిన్ 20కి తగ్గించమని, గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపమని చెప్పారు. అంతకంటే సరైన సలహా ఉండదు. ఆయన “సరేనమ్మా” అన్నారు. సోమవారం పెద్ద డాక్టరు గారు ఓపీకి వస్తారు, అడిగి తగ్గిద్దాం అనుకుని ఆ రాత్రి 24 యూనిట్లే వేసుకున్నారు, బిళ్ల కూడా వేసుకున్నారు.

తెల్లవారుజామున చెమటలు పట్టి, పొంతన లేకుండా మాట్లాడారు. భార్య మీటరుతో చూస్తే 46. ఆమె మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు, పావుగంట ఆగి మళ్లీ చూశారు, 80 దాటింది. ఆయన బతికి బయటపడ్డారు. అయితే ఆ ప్రమాదానికి మూలం నా నెరిసిన జుట్టు ఇచ్చిన అధికారాన్ని నేను వాడిన తీరులో ఉంది. రోజూ అందుబాటులో ఉండే డాక్టరు మీద ఉండవలసిన నమ్మకాన్ని తీసుకెళ్లి, వారానికి రెండు రోజులు కనిపించే డాక్టరు మీద పెట్టాను. ఇన్సులిన్ వాడే మనిషికి ఆ దూరం ప్రాణాంతకం కావచ్చు.

వయసు గురించి రోగి వేసుకునే లెక్క మామూలుగా అనుకునేంత గట్టిది కాదు. అమెరికాలో ఆసుపత్రిలో చేరిన వృద్ధ రోగుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2017లో బీఎంజేలో వచ్చింది. నెల రోజుల్లో మరణించిన వారి శాతం నలభై ఏళ్లలోపు డాక్టర్ల రోగుల్లో 10.8, అరవై దాటిన డాక్టర్ల రోగుల్లో 12.1. ఎక్కువ మంది రోగులను చూస్తూ ఉండే డాక్టర్లలో మాత్రం వయసు వల్ల తేడా కనిపించలేదు. ఇది పరిశీలన మాత్రమే, దీన్ని బట్టి వయసు మీరిన డాక్టర్లను తప్పుపట్టకూడదు. నెరిసిన జుట్టు దానంతట అదే హామీ కాదన్నంతవరకే నేను తీసుకుంటాను. అయినా ఈ అంకెలు చూపించి రోగిని ఒప్పించాలని నేను ఎన్నడూ ప్రయత్నించను; మొదటి ప్రయత్నంలో జరిగింది చాలు.

భార్య ఎందుకు నమ్మారు?

పంచదార మూడు చెంచాలని, పావుగంట ఆగి మళ్లీ చూడాలని ఆమెకు ఎవరు చెప్పారని అడిగాను. “డాక్టరమ్మే చెప్పింది” అన్నారు. ఇద్దరూ ఒకే డాక్టరును, ఒకే వయసులో, ఒకే బట్టల్లో చూశారు. భర్త నమ్మలేదు, భార్య నమ్మారు. తేడా ఎక్కడుందో వెతికితే కట్టు దగ్గర దొరికింది.

ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో సర్జన్ మొదటిసారి పుండు శుభ్రం చేసిన తర్వాత రోజూ కట్టు మార్చింది మా జూనియర్ డాక్టరే. ఆయన పడుకుని పైకప్పు చూస్తూ ఉండేవారు, ఎలాగూ పాదంలో స్పర్శ లేదు. భార్య పక్కన నిలబడి చూసేవారు. ఆప్రాన్ పొడుగు చేతులు పుండుకు, పక్కకు తగులుతాయని మా డాక్టరు దాన్ని విప్పి, వాచీ, గాజులు తీసి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, స్టూలు మీద పాదం ఎత్తున కూర్చునేవారు. ఇంగ్లండులో 2007 నుంచి రోగిని ముట్టుకునే డాక్టర్లు మోచేతి కింద ఏమీ ధరించకూడదని నియమం ఉంది, అక్కడ పొడుగు చేతుల తెల్లకోటు దాదాపు కనుమరుగైంది. మన దగ్గర ఎంతోమంది ఆప్రాన్ వారానికి ఒకసారి కూడా ఉతకరు, చేతి అంచులు నల్లబడి ఉంటాయి. రోగుల బంధువులు దాన్ని చూస్తారు, మనతో అనరు. ఈ ఇల్లాలు నాతో అన్న మాట ఇది: “ఆ అమ్మ చెయ్యి శుభ్రమండీ. పుండు చూసి మొహం తిప్పుకోలేదు. రోజూ ముందు చేతులు కడుక్కుని, అప్పుడు కట్టు విప్పేది.”

ఆ మాటతో నాకు దారి కనిపించింది. రూపం అని మేము ఒక్క ముద్దగా చూసినదానిలో వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. ఈమె ఎవరు అన్నది ఒకటి, శుభ్రంగా ఉన్నారా అన్నది ఒకటి, పని వచ్చా అన్నది మరొకటి. బట్టలు మొదటి దానికి కొంత, రెండో దానికి బాగా జవాబు చెప్పగలవు. మూడో దానికి చెప్పలేవు. దానికి పని కనిపించాలి, ఆ పని భార్య చూశారు, భర్త చూడలేదు.

పనిచేసినది: నమ్మకాన్ని అప్పగించడం

సోమవారం వాళ్లు వచ్చేసరికి మేము మూడు మార్పులు చేసుకుని సిద్ధంగా ఉన్నాం. ఓపీ గదిలో డాక్టరు కుర్చీలో ఆమె కూర్చున్నారు, నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆమె ఆప్రాన్ వేసుకోలేదు. పొట్టి చేతుల కాటన్ బట్టల్లో, ఎదపై తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు, దాని కింద “డాక్టరు, ఎండీ, జనరల్ మెడిసిన్” అని ఉన్న బిళ్ల పెట్టుకున్నారు. అది తిరగబడకుండా రెండు వైపులా పిన్నుతో పెట్టించాం. ఆయన కూర్చోగానే ఆమె తన పేరు చెప్పి, “నేను ఇక్కడ డాక్టర్ని. చదువు, శిక్షణ పూర్తయ్యాయి. మీ షుగరు నేను చూస్తాను” అన్నారు. నెలకు పైగా పరిచయంలో ఈ మూడు వాక్యాలు ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఆమె ఆయన్ను అన్నగారి గురించి అడిగారు, పైన రాసినదంతా అప్పుడే బయటికి వచ్చింది. ఆమె వాదించలేదు. ఆయన పాదాన్ని స్టూలు మీద పెట్టించి, కట్టు విప్పి, అద్దం పట్టి ఆయనకే చూపించారు. మోనోఫిలమెంట్ తీగ ముందు ఆయన అరచేతికి, తర్వాత అరికాలికి ఆనించారు. చేతికి తెలిసింది, కాలికి తెలియలేదు. “మీ అన్నగారికి ఇదే జరిగి ఉంటుంది. ముందు పాదానికి తెలియకుండా పోయింది, పుండు పడింది, ఆ తర్వాత ఇన్సులిన్ వచ్చింది” అన్నారు. అంతకు ముందు బొమ్మ గీసి చెప్పిన దానికంటే ఇది చాలా తక్కువ సమాచారం. కాని ఇది ఆయన శరీరం మీద, ఆయన కళ్ల ముందు జరిగింది.

మోతాదు విషయం వచ్చినప్పుడు నేను ఆమెను అడిగాను, “ఎంత చేద్దామంటారు డాక్టరు గారూ?” ఆమె, “రాత్రి 18 యూనిట్లు. గ్లిమెపిరైడ్ బిళ్ల ఆపేసే ఉంచుదాం. పరగడుపు 130 దాటుతుంటే మూడు రోజులకొకసారి రెండు యూనిట్లు పెంచుదాం, 80 కంటే తగ్గితే వెంటనే తగ్గిద్దాం” అన్నారు. ఆయన నా వైపు తిరిగి “మీరేమంటారండీ?” అన్నారు. ఈ క్షణం కోసం ముందే ఆలోచించి పెట్టుకున్నాను. “18” అని నా నోటితో అంటే అది నా మోతాదు అయిపోతుంది, మళ్లీ మొదటికి వస్తాం. అందుకని, “మొన్న ఫోనులో ఆవిడ చెప్పినట్టు చేసి ఉంటే మీకు ఆ చెమటలు పట్టేవి కావు. ఆవిడ చెప్పిందే వేసుకోండి” అన్నాను, అంకె చెప్పలేదు. చీటీ ఆమె రాశారు, సంతకం ఆమె చేశారు, ఫోను నంబరు ఆమె డ్యూటీ నంబరే ఇచ్చాం.

ఆమె అర్హతల గురించి నేను పొగడ్తలు చెప్పకపోవడం కూడా ఆలోచించి చేసిందే. “చాలా తెలివైన అమ్మాయి” అని సీనియర్ అంటే రోగికి వినిపించేది “అమ్మాయి” అన్న మాటే. నేను ఆమెను “డాక్టరు గారూ” అని పిలవడం, ఆమె నిర్ణయం కోసం ఆగడం ఎక్కువ పనిచేశాయని నా అంచనా. అంతకు ముందు రోగుల ఎదుట ఆమెను పేరుతో, ఏకవచనంలో పిలిచేవాణ్ణి. ఆప్యాయతతోనే అయినా, ఆమె స్థాయిని రోగికి చెప్పింది ఆ పిలుపేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఫలితం, పరిమితులు

నమ్మకం మారిందా లేదా అన్నది కొలవడానికి మేము చూసింది ఒక్కటే: చెప్పిన మోతాదు ఆ రాత్రే మారిందా, లేక నా కోసం ఆగారా అన్నది. తర్వాతి ఆరు వారాల్లో ఆమె ఫోనులో నాలుగుసార్లు మోతాదు మార్చారు, నాలుగుసార్లూ ఆ రాత్రే మారింది. మెత్తటి రబ్బరు అడుగుండే ఎంసీఆర్ చెప్పులు వేసుకున్నారు, పుండు పదకొండు వారాల్లో పూర్తిగా మూసుకుంది. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.9. ఆమె సెలవులో ఉన్న ఒక రోజు ఆయన వచ్చినప్పుడు నేను రెండు యూనిట్లు పెంచుదామన్నాను. ముందు డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పమన్నారు. చేశాను. గత వారం ఆయన రాత్రి భోజనం తగ్గించారట, ఆగుదామని ఆమె అన్నారు. ఆగాం.

ఇది ఒక్క కేసు. మార్పులన్నీ ఒకే రోజు చేశాం కాబట్టి పేరు బిళ్ల ఎంత పనిచేసింది, కుర్చీ ఎంత, అద్దంలో పాదం చూపడం ఎంత అన్నది విడదీసి చెప్పలేను. 46కి పడిన ఆ తెల్లవారుజాము ఆయన మనసును అప్పటికే కదిలించి ఉండవచ్చు, ఆ భయం వల్లే ఆయన విని ఉండవచ్చు. సీనియర్ పక్కన కూర్చుని అప్పగించే పద్ధతికి ఓపీలో ఒక్కో రోగికి అదనంగా పదిహేను నిమిషాలు పట్టింది. ఇన్సులిన్, గుండె మందులు, దీర్ఘకాలం కొనసాగవలసిన చికిత్సలు ఉన్నవారికి మాత్రమే ఇప్పుడు దాన్ని పాటిస్తున్నాం.

రాత్రి క్యాజువాలిటీకి ఇది పనికిరాదు. అక్కడ అప్పగించడానికి సీనియర్ ఉండరు, వచ్చే మనిషి డాక్టరును అదే మొదటిసారి చూస్తారు. ప్రస్తుతం అక్కడ చేయగలిగింది తెలుగు పేరు బిళ్ల, శుభ్రమైన పొట్టి చేతుల బట్టలు, రోగిని ముట్టుకునే ముందు పేరు, హోదా చెప్పే మొదటి వాక్యం, రోగి కళ్ల ముందే చేతులు కడుక్కోవడం. గత నెలలోనే గుండెనొప్పితో వచ్చిన ఒకాయన కుటుంబం పెద్ద డాక్టరు కావాలని ఈసీజీ తీయనివ్వకుండా ఇరవై నిమిషాలు ఆపింది. అప్పుడు డ్యూటీలో ఉన్నది ఆమే, పేరు బిళ్ల పెట్టుకునే ఉన్నారు.